ప్లాస్టరింగుకు సిమెంటు ఎందుకు చాలలేదు?

ప్లాస్టరింగుకు సిమెంటు లెక్క వేసేవారు తడి మాలు పరిమాణాన్ని నేరుగా పాళ్లతో భాగించకూడదు. ఒక యువ సైటు ఇంజనీరు 100 చదరపు మీటర్ల గోడకు 12 మిల్లీమీటర్ల మందంతో 1.2 ఘనపు మీటర్ల మాలు అవసరమని తేల్చి, ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ల ఇసుక, అంటే 1:6 పాళ్ల ప్రకారం దాన్ని 7తో భాగించి, వచ్చిన సిమెంటు పరిమాణాన్ని బస్తాల్లోకి మార్చి, 5 బస్తాలు తెప్పించారు. గోడ పూర్తి కాకముందే బస్తాలు అయిపోయాయి.

"బాబూ, ఒక్కసారి కొలిచి చూద్దాం" అంటూ వృద్ధ మేస్త్రీ ఒక బకెట్టు సిమెంటు, అంచు వరకు చదును చేసిన ఆరు బకెట్ల పొడి ఇసుక కలిపించి, నీళ్లు పోయించి, తయారైన మాలును అదే బకెట్టుతో కొలిపించారు. ఏడు కాదు, ఐదుంపావు బకెట్లే వచ్చింది. ఇసుక రేణువుల మధ్య ఖాళీల్లోకి సిమెంటూ నీరూ చేరి మాలు కుదించుకుపోతుంది. అందుకే తడి పరిమాణాన్ని 1.33తో గుణించాలి, అప్పుడు 1.2 కాస్తా 1.6 అవుతుంది, సిమెంటు ఆరున్నర బస్తాలకు చేరుతుంది.

తరువాత ఆయన గుండు వేలాడదీసి, ఇటుకల వరుసలు ఎక్కడ లోపలికి పోయాయో చూపించారు. ఆ గుంతలూ ఇటుకల సందులూ నిండటానికి సాధారణంగా మరో 20 శాతం మాలు కలుపుకుంటారు కాబట్టి, అసలు అవసరం దాదాపు 8 బస్తాలు. గోడ బాగా వంకరగా ఉంటే ఈ 20 శాతమూ చాలదు. అప్పుడు నాలుగైదు చోట్ల మందం కొలిచి, ఆ సగటుతోనే లెక్క వేయాలి.