ఇంటి నిర్మాణ సామగ్రికి ధర కట్టే ముందు వేస్టేజీ కలపడంలో జాగ్రత్తలు

☐ ముందు డ్రాయింగ్ ప్రకారం నికర కొలత తీయండి. తలుపులు, కిటికీల ఖాళీలు తీసేశాకే శాతం కలపాలి.

☐ అన్నిటికీ ఒకే 10 శాతం వేయకండి. సాధారణంగా సిమెంటుకు 2–3, స్టీలుకు 3–5, రెడీమిక్స్ కాంక్రీటుకు 2–5, ఇటుకలకు 5, ఇసుకకు 5–10 శాతం చాలు. ఇసుక ఆరుబయట నేల మీదే పోస్తే పైఅంకె తీసుకోండి.

☐ టైల్స్ దగ్గర నిదానించండి. తిన్నని వరుసల్లో వేస్తే 5–8, ఐమూలగా వేస్తే 10–15 శాతం. 14 చదరపు మీటర్ల గదికి 8 శాతం కలిపితే 15.12. ఒక్కో 60 సెం.మీ. టైలు 0.36 చదరపు మీటర్లు కాబట్టి 42 టైల్స్. పెట్టెకు నాలుగు చొప్పున 11 పెట్టెలు, అంటే 44 టైల్స్ కొనక తప్పదు. ధర 11 పెట్టెలకే కట్టాలి. చిన్న గదులు, మూలలు ఎక్కువున్న బాత్రూముల్లో ముక్కలు ఎక్కువ పోతాయి, వాటిని విడిగా లెక్కించండి.

☐ రెండుసార్లు కలిపారేమో చూడండి. అసలు గండి ఇక్కడే. తడి కాంక్రీటును పొడి పరిమాణంలోకి మార్చే 1.54 గుణకం వేస్టేజీ కాదు. స్టీలు అతుకుల పొడవూ కాదు, అది కమ్మీల పట్టికలోనే ఉండాలి. మేస్త్రీ చెప్పిన రేటులో వేస్టేజీ కలిసే ఉందేమో అడిగి తెలుసుకోండి.

☐ నికర కొలత, శాతం, మొత్తం మూడు గళ్లలో రాయండి. శాతం మారిస్తే ఎంత తేడా వస్తుందో వెంటనే కనిపిస్తుంది.