ఫొటోలో వచ్చిన పట్టిక: లెక్క మొదలుపెట్టే ముందు

పరీక్షలు దగ్గరపడితే వాట్సాప్‌లో మోడల్ పేపర్ల ఫొటోలు ఒకటే రావడం, అందులో సగం వంకరగా తీసినవి, మిగతావి చేతులు మారేసరికి మసకబారినవి. స్టాటిస్టిక్స్ ప్రశ్న అలా వస్తే కాలిక్యులేటర్ పక్కన పెట్టి ముందు పట్టికను కాగితం మీద దింపుకోండి. ఫొటో చూస్తూ నేరుగా లెక్కేయొద్దు.

కోనసీమలో 40 మంది రైతులకు ఎకరానికి ఎన్ని బస్తాల ధాన్యం పండిందో ఇచ్చిన లెక్క అనుకుందాం. తరగతులు 20-25, 25-30, 30-35, 35-40, 40-45. పక్కన పౌనఃపున్యాలు 3, 8, 16, 9, 4. సరిగ్గా చదివితే సగటు 32.88 బస్తాలు, ప్రామాణిక విచలనం 5.29 వస్తాయి.

ఇప్పుడు ఆ 16 మసకగా ఉండి 10 అని చదివామనుకోండి. సగటు 32.94 వస్తుంది, అంటే దాదాపు అదే, ఎవరికీ అనుమానం రాదు. కానీ విచలనం 5.74కి పోతుంది, ఎందుకంటే మధ్యలో ఉండాల్సిన ఆరుగురు రైతులు మాయమైపోయి, అంచుల్లో ఉన్నవాళ్ల బరువు పెరిగింది. అందుకే సగటు బాగానే ఉంది కదా అని ధీమాగా ఉండకూడదు. అదే మొదటి వరుసలో 3ని 8గా చదివితే (మసక ఫొటోలో ఇదీ మామూలే) సగటు 31.72కి దిగుతుంది, విచలనం 5.96కి ఎక్కుతుంది.

ఈ రెండు తప్పులూ ఒక్క కూడికతో దొరికిపోతాయి. మొదటిదానికి మొత్తం 34, రెండోదానికి 45, ప్రశ్నలో ఉన్నదేమో 40 మంది. ఆ సంఖ్య చాలాసార్లు పట్టికలో కాదు, పైన వాక్యంలో ఉంటుంది, కాబట్టి ఫొటోలో పైభాగం కత్తిరించి పంపితే మళ్లీ అడగండి.

కూడిక పట్టుకోలేనిది ఒకటుంది. పేపరు ఏటవాలుగా పడితే కన్ను వరుస తప్పి, 8 రాయాల్సిన చోట 9, 9 ఉండాల్సిన చోట 8 రాసేస్తాం. మొత్తం 40 అలాగే ఉంటుంది, సగటు మాత్రం 32.63. దీనికి స్కేలు స్క్రీన్ మీద అడ్డంగా పెట్టి ఒక్కో వరుసా తరగతితో కలిపి చదవాలి, తర్వాత కింద నుంచి పైకి ఇంకోసారి.

ఇంకొకటి, అంకెలు 3, 11, 27, 36, 40 లాగా ఎక్కడా తగ్గకుండా పెరిగి చివరిది మొత్తానికి సమానమైతే అది సంచిత పౌనఃపున్యం, పైదాన్ని కిందిదాంట్లోంచి తీసేసుకుంటూ పోతేనే అసలు పౌనఃపున్యాలు వస్తాయి. హెడ్డింగ్ చదవలేకపోయినా ఇలా తెలుస్తుంది.

ఒక్క అంకె అసలు కనిపించకపోతే కంగారు అక్కర్లేదు, మిగతావి కూడి 40 లోంచి తీసేస్తే చాలు. రెండు కనిపించకపోతే మాత్రం ఊహించి వేయకండి, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ఇంకో ఫొటో పంపమనండి.