సంభావ్యత సొంతంగా – 7వ భాగం: లెక్కలు కలిస్తే ప్రమేయాలు గుణించుకుంటాయి

కిందటి భాగంలో సంభావ్యతా జనక ప్రమేయం కట్టడం చూశాం. X విలువ 0, 1, 2... అయ్యే సంభావ్యతలను వరసగా s ఘాతాలకు గుణకాలుగా పెడితే వచ్చేదే G(s). ఒక్క ముక్కలో అది s^X సగటు. ఈసారి రెండు స్వతంత్ర లెక్కలను కలిపి, వచ్చిన ప్రమేయాన్ని అవకలనం చేద్దాం.

భీమవరం వైపు ఒక రొయ్యల చెరువు తీసుకోండి. రాత్రి నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లవారుజామున మరీ తక్కువ. అందుకే ఏరేటర్లు ఆగకూడదు. చెరువులో రెండు ఏరేటర్లున్నాయి. ఒక్కోటి ఆ రాత్రి మొరాయించే సంభావ్యత 0.1 అనుకుందాం. కరెంటు పోయిన ప్రతిసారీ జనరేటర్ వెయ్యాలి. అలా పోవడం రాత్రికి సగటున 0.5 సార్లు, పాయిసాన్ పద్ధతిలో. ఇవి లెక్క కోసం నేను పెట్టుకున్న అంకెలు. కాపలా మనిషి మొత్తం ఎన్నిసార్లు లేవాలి? ఏరేటర్ల వల్ల X సార్లు, కరెంటు వల్ల Y సార్లు, మొత్తం T = X + Y.

ఇది ద్విపదా కాదు, పాయిసానూ కాదు. మామూలుగా అయితే T = 2 కోసం (0,2), (1,1), (2,0) జతలన్నీ విడివిడిగా కూడాలి. కానీ s^(X+Y) అంటే s^X · s^Y. X, Y స్వతంత్రాలైతే లబ్ధం సగటు, సగటుల లబ్ధమే. కాబట్టి:

```
G(s) = (0.9 + 0.1s)^2 · e^(0.5(s-1))
```

దీన్ని నేరుగా అవకలనం చేస్తే లబ్ధ సూత్రంతో పేజీ నిండిపోతుంది. లాగరిథమ్ తీసుకుని చేస్తే సుఖం:

```
G'(s)  = G(s) · h(s)
h(s)   = 0.2/(0.9 + 0.1s) + 0.5
G''(s) = G(s) · [h(s)^2 + h'(s)]
h'(s)  = -0.02/(0.9 + 0.1s)^2
```

ఇక s స్థానంలో ఏం పెడతామన్నదే అసలు విషయం. సంభావ్యతలు కావాలంటే 0 పెట్టాలి. శ్రేణిని రెండుసార్లు అవకలనం చేసి s = 0 పెడితే s² పదం ఒక్కటే మిగులుతుంది, అయితే ముందు 2·1 అంటుకుని ఉంటుంది. అందుకే k! తో భాగించాలి.

G(0) = 0.81 × 0.6065 = 0.4913. అంటే దాదాపు సగం రాత్రులు లేవక్కర్లేదు. h(0) = 0.7222 కాబట్టి P(T=1) = 0.4913 × 0.7222 = 0.3548. ఇక G''(0) = 0.4913 × (0.5216 − 0.0247) = 0.2441; దాన్ని 2తో భాగిస్తే P(T=2) = 0.1221. మూడూ కలిపితే 0.9682. అంటే మూడు లేదా అంతకన్నా ఎక్కువసార్లు లేవాల్సి రావడం 0.0318.

ఆ 2తో భాగించడం మర్చిపోయారా? మూడూ కలిపితే 1.0902 వస్తుంది. ఒకటి దాటింది కాబట్టి తప్పు వెంటనే దొరుకుతుంది. కానీ అన్నిసార్లూ ఇలా దాటదు, అందుకే భాగించారో లేదో విడిగా చూసుకోవడమే మంచిది.

సగటు, విస్తృతి కావాలంటే s = 1 పెట్టాలి. G(1) = 1 రాకపోతే అక్కడే ఆగండి, ప్రమేయం కట్టడంలోనే తప్పుంది. h(1) = 0.7, కాబట్టి సగటు G'(1) = 0.7. G''(1) = 0.49 − 0.02 = 0.47. చాలామంది దీన్నే T² సగటు అనుకుంటారు. నిజానికి ఇది T(T−1) సగటు. T² సగటు రావాలంటే 0.7 కలపాలి, ఆపైన సగటు వర్గం తీసెయ్యాలి:

```
విస్తృతి = G''(1) + G'(1) - G'(1)^2
         = 0.47 + 0.7 - 0.49 = 0.68
```

సరిచూసుకోవడం తేలిక: ఏరేటర్ల విస్తృతి 2 × 0.1 × 0.9 = 0.18, పాయిసాన్‌ది 0.5. కలిపితే అదే 0.68.

ఇంతవరకూ స్వతంత్రత మీద నడిచాం. చెరువు గట్టు మీద అది ప్రతిసారీ నిలుస్తుందని చెప్పలేం. కరెంటు తిరిగి వచ్చేటప్పుడు వోల్టేజీ ఎగిసి మోటారు కాలిపోతే, Y పెరిగిన రాత్రే X కూడా పెరుగుతుంది. విడి సగటులు 0.2, 0.5గానే ఉంటే మొత్తం సగటు 0.7 మారదు, కాబట్టి సగటు చూసి తేడా పట్టలేం. మారేది విస్తృతి: X, Y సహవిస్తృతికి రెట్టింపు అదనంగా చేరుతుంది. కాపలా మనిషి రాసే పుస్తకంలో ఒక సీజన్ రాత్రుల విస్తృతి 0.68 కన్నా బాగా పైన ఉంటే ముందు అనుమానించాల్సింది స్వతంత్రతను. ఏరేటర్ ఆగిన రాత్రులను విడదీసి, వాటిలో కరెంటు కోతలు మామూలుకన్నా ఎక్కువగా ఉన్నాయేమో చూడండి. ఉంటే పై గుణకారం చెల్లదు.

అభ్యాసం: మొరాయించే సంభావ్యత 0.2 ఉన్న పాత ఏరేటర్ మూడోది దింపారు. G(s)కి ఏ కారకం చేరుతుంది? P(T=0) 0.393, సగటు 0.9, విస్తృతి 0.84 రావాలి. P(T=1) మీరే తేల్చండి. వచ్చే భాగంలో చెరువుల సంఖ్యే యాదృచ్ఛికం అయితే ఏం చెయ్యాలో చూద్దాం. అక్కడ గుణకారం సరిపోదు, ఒక ప్రమేయం లోపల ఇంకో ప్రమేయం పెట్టాలి.