బిగుసుకున్న గొంతును వదులు చేసుకోవడం – మూడవ పాఠం: చేతివేళ్లు, నీళ్ల గ్లాసు

గత రెండు పాఠాలలో స్వరపేటిక నిర్మాణాన్నీ, మాట్లాడేటప్పుడు ఊపిరిని నడిపే పద్ధతినీ తెలుసుకున్నాము. స్వరతంత్రులు ఆరోగ్యంగానే ఉన్నా చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకోవడం వల్ల గొంతు బొంగురుపోయే స్థితిని మజిల్ టెన్షన్ డిస్ఫోనియా అంటారు. ఆ బిగువును వదిలించే రెండు సాధనలు ఈ పాఠంలో ఉన్నాయి.

హైదరాబాదులోని ఒక కాల్ సెంటర్‌లో పనిచేసే 34 ఏళ్ల ఉద్యోగిని ఐదు నెలలుగా తగ్గని బొంగురుగొంతుతో నా దగ్గరకు వచ్చారు. మొదట జలుబు చేసింది. అది వారంలో తగ్గింది గాని, ఆ వారమంతా రాని గొంతును బలవంతంగా నెట్టి మాట్లాడిన అలవాటు మాత్రం మిగిలిపోయింది. అదే సమయంలో టీమ్‌లో ఇద్దరు మానేయడంతో ఆమె మీద కాల్స్ భారం పెరిగింది. షిఫ్ట్ మొదట్లో కొంత నయంగా ఉండే గొంతు చివరి రెండు గంటలలో పిండినట్లుగా సన్నబడేది, దవడ కింద నొప్పి పుట్టేది. ఈఎన్‌టీ వైద్యులు స్వరతంత్రుల కదలికను నెమ్మదిగా చూపించే స్ట్రోబోస్కోపీ పరీక్ష చేసినప్పుడు స్వరతంత్రులు తెల్లగా, నునుపుగా కనిపించాయి. అయితే ఆమె మాట్లాడగానే వాటి పైన ఉండే మిథ్యా స్వరతంత్రులు రెండు వైపుల నుండీ లోపలికి ఒత్తుకువచ్చి వాటిని దాదాపుగా కప్పేశాయి.

"అంతా నార్మల్ అన్నారండీ. అంటే నాకు ఏమీ లేదనేనా?" అని ఆమె కన్నీళ్లు పెట్టుకున్నారు. నార్మల్ అన్నది తంత్రుల గురించే గాని వాటిని వాడే తీరు గురించి కాదని విడమరచి చెప్పకుండా రోగిని పంపివేయడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. ఆమెను ఆవులిస్తూ "హా" అనమన్నాను. ఆ ఒక్క క్షణం స్వరం తేటగా పలికింది. మాటల్లో రాని స్వరం ఆవులింతలో, నవ్వులో, దగ్గులో వస్తున్నదంటే బిగువును అనుమానించవచ్చు గాని, అది గొంతు లోపలి పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు. నాలుగు వారాలకు మించి తగ్గని బొంగురుకు ఆ పరీక్ష తప్పనిసరి. పొగతాగే అలవాటు, మెడలో గడ్డ, మింగడంలో లేదా ఊపిరి తీయడంలో ఇబ్బంది ఉంటే అన్ని రోజులు కూడా ఆగకూడదు.

మొదటి సాధన చేతివేళ్లతో చేసేది. గడ్డం కింద, కంఠమణికి కొంచెం పైన గుర్రపు నాడా ఆకారంలో ఒక చిన్న ఎముక ఉంటుంది. దానికీ కంఠమణికీ నడుమ వేలికి తగిలే సందు ఒకటి ఉండాలి. బిగువు ఎక్కువైనవారిలో స్వరపేటిక పైకి లాగబడి ఆ సందు ఇరుకైపోతుంది, అక్కడ తాకితే నొప్పి కూడా ఉంటుంది. బొటనవేలినీ చూపుడువేలినీ చెరొక పక్క ఆనించి, తేలికగా చిన్న సున్నాలు చుడుతూ ఆ సందు మీదుగా కంఠమణి అంచుల వరకు మెల్లగా కిందికి రావాలి, ఆ సమయంలో "మ్" అని సన్నగా మూలగాలి. వేలి కింద నాడి కొట్టుకుంటే అది మెదడుకు రక్తం తీసుకుపోయే ధమని, అక్కడ ఎంతమాత్రమూ నొక్కకూడదు. పక్షవాతం వచ్చినవారు, మెడ ధమనుల జబ్బు ఉన్నవారు దీన్ని స్వయంగా చేసుకోకూడదు. మిగిలినవారు కూడా మొదటిసారి స్పీచ్ థెరపిస్ట్ దగ్గర చేయించుకుని, ఒత్తిడి ఎంత ఉండాలో చేతికి తెలిసిన తరువాతే ఇంట్లో చేయడం మంచిది.

రెండవ సాధనకు సగం నీళ్లున్న గ్లాసు, ఒక స్ట్రా చాలు. స్ట్రా కొనను నీటిలో రెండు సెంటీమీటర్ల లోతున ఉంచి, పెదవులు చుట్టూ గాలి పోకుండా మూసి, ముందు ఊపిరితో మాత్రమే బుడగలు వదలాలి. అవి ఒకే తీరుగా వస్తున్నప్పుడు "ఊ" అనే స్వరాన్ని కలపాలి. నీరు అడ్డుకోవడం వల్ల వెనక్కు వచ్చే గాలి ఒత్తిడి స్వరతంత్రులు ఒకదానినొకటి గట్టిగా గుద్దుకోకుండా ఆపుతుంది, అందువల్ల తక్కువ శ్రమతోనే స్వరం పుడుతుంది. మనం చేసే తప్పును కూడా బుడగలే చూపిస్తాయి. స్వరం కలపగానే అవి తెగిపోయినా, ఆగి ఆగి ఎగిసినా గొంతు మళ్లీ బిగిసిందని అర్థం. అప్పుడు స్వరం ఆపి, ఉత్త బుడగల దగ్గరకు తిరిగిరావాలి. ఆమెకు మొదటి రోజు స్వరం కలిపిన ప్రతిసారీ బుడగలు ఆగిపోయాయి. భుజాలు దించి, స్వరాన్ని సగానికి తగ్గించిన తరువాత నాలుగైదు సెకన్ల పాటు నిలకడగా వచ్చాయి.

స్ట్రాతో వచ్చిన తేలికను మాటలోకి తేవడమే కష్టమైన మెట్టు. స్ట్రా తీసిన వెంటనే "మ్" అని పెదవుల మీద అదురు తెలిసేలా పలికి, అదే అదురుతో "అమ్మ", "మామిడి", ఆపైన "మా అమ్మమ్మ మొన్న మామిడి మొక్క నాటింది" అనాలి. ఆమె రోజంతా అనే మొదటి మాట "నమస్కారమండీ". అది న, మ అనే అనునాసికాలతోనే మొదలవుతుంది గనుక ప్రతి కాల్‌కూ ఆ మాటనే మేము అభ్యాసంగా మార్చుకున్నాము. గొంతుకు విశ్రాంతి అనుకుని గుసగుసగా మాట్లాడే అలవాటును మాన్పించాను, ఎందుకంటే చాలామందిలో గుసగుస కూడా బిగువుతోనే వస్తుంది. ఆరవ సెషన్ నాటికి షిఫ్ట్ చివరి గంటలో కూడా స్వరం నిలిచింది గాని, కాల్స్ మరీ ఎక్కువైన రోజున మెడ నొప్పి తిరిగి వచ్చేది. పని భారం తగ్గించడం చికిత్స చేతిలో లేదు.

క్రమం తప్పకుండా చేసినా ఆరేడు వారాలలో ఏ మార్పూ లేకపోయినా, మాటల మధ్య స్వరం ఉన్నట్టుండి తెగిపోతున్నా మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. స్పాస్మోడిక్ డిస్ఫోనియా అనే నాడీ సంబంధమైన వ్యాధి పైకి ఇలాగే కనిపిస్తుంది, దానికి వైద్యం వేరు.

ఈ వారం స్ట్రా సాధనను రోజుకు ఐదుసార్లు, ఒక్కొక్కసారి రెండు నిమిషాలకు మించకుండా చేయండి. బుడగలు ఏ వేళలో తెగుతున్నాయో, అంతకుముందు ఏ పనిలో ఉన్నారో రాసి ఉంచుకోండి. నాలుగవ పాఠాన్ని ఆ కాగితంతోనే మొదలుపెడతాము.