తని ఆవర్తనం మొదలవగానే లేవకండి

కర్ణాటక గాత్ర కచేరీకి కొత్తగా వెళ్తున్నవాళ్లకు ఒక చిట్కా. వర్ణంతో మొదలై, రెండు మూడు చిన్న కృతులయ్యాక ప్రధాన అంశం వస్తుంది. దాన్ని గుర్తుపట్టడం తేలికే. రాగాలాపన అన్నిటికంటే ఎక్కువసేపు సాగుతుంది, తర్వాత వయొలిన్ అదే రాగాన్ని పలికిస్తుంది (అది ముగిశాక కూడా చప్పట్లు కొట్టాలి, చాలామంది మరిచిపోతారు). ఆపై కృతి, చాలాసార్లు ఒకే పంక్తిని రకరకాలుగా పాడే నెరవల్, అప్పటికప్పుడు స్వరాలు అల్లే స్వరకల్పన.

ఇవి పూర్తయ్యాక గాయకులు ఆగి, మృదంగానికి అవకాశం ఇస్తారు. అదే తని ఆవర్తనం. సరిగ్గా అప్పుడే సగం హాలు కాఫీకి లేస్తుంది. వాయించేవాళ్లకు అది నిజంగా బాధ కలిగిస్తుంది. వెళ్లక తప్పకపోతే అంతకుముందే, ఒక కృతి ముగిసి ఇంకోటి మొదలయ్యేలోపు వెళ్లండి.

కూర్చుంటే ఏం వినాలో తెలియక విసుగొస్తుందా? చేత్తో తాళం వేయండి. ఆదితాళమైతే ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, తర్వాత దెబ్బ, విసురు, మళ్లీ దెబ్బ, విసురు: మొత్తం 8. ఘటమో కంజిరో ఉంటే మృదంగంతో వంతులు మార్చుకుంటాయి. వంతులు పోనుపోను చిన్నవై, చివరికి రెండూ కలుస్తాయి. ముక్తాయింపు, అంటే ముగించడానికి వాయించే ఒకే లయ వరస, మూడుసార్లు వినిపిస్తే ముగింపు వచ్చేసినట్టే. మూడోది పూర్తికాగానే గాయకులు కృతిని ఎత్తుగడ దగ్గర అందుకుంటారు. చప్పట్లు అప్పుడు.

ఆ తర్వాత వచ్చేవి తేలికపాటి పాటలు, తిల్లానా. మంగళం పూర్తయ్యేదాకా మాత్రం కుర్చీ వదలకండి.