స్టెప్ సగం చేసినా ఎర్రర్ 16 రెట్లు తగ్గడం లేదా? ఆర్‌కే4లో తప్పు ఎక్కడుందో పట్టుకునే పద్ధతి

నాలుగో ఆర్డర్ రుంగే-కుట్టా కోడ్ రాశాక జవాబు చూడ్డానికి బాగానే ఉంటుంది. గ్రాఫ్ నున్నగా వస్తుంది, అంకెలు నమ్మేలా ఉంటాయి. అసలు చిక్కంతా అక్కడే ఉంది. తప్పున్న ఆర్‌కే4 కూడా సరైన జవాబుకు దగ్గర్లోనే తిరుగుతుంది కాబట్టి, గ్రాఫ్ చూసి తప్పు పట్టుకోవడం దాదాపు అసాధ్యం. నేను చేసే పరీక్ష ఒక్కటే. సరైన జవాబు ముందే తెలిసిన సమీకరణం తీసుకుని, స్టెప్ h తో ఒకసారి, h/2 తో ఇంకోసారి నడిపి, చివర్లో వచ్చిన ఎర్రర్లను భాగించి చూస్తాను. 16 దరిదాపుల్లో వస్తే కోడ్ బాగున్నట్టు. రాకపోతే, వచ్చిన అంకెను బట్టే తప్పు ఏ రకమో చాలావరకు తెలిసిపోతుంది.

y' = f(t, y) అనే అవకలన సమీకరణానికి సరైన కోడ్ ఎలా ఉండాలో ముందు చూద్దాం.

```
k1 = f(t, y)
k2 = f(t + h/2, y + h/2*k1)
k3 = f(t + h/2, y + h/2*k2)
k4 = f(t + h, y + h*k3)
y = y + h/6*(k1 + 2*k2 + 2*k3 + k4)
```

ఇందులో k అంటే వాలు. స్టెప్ మొదట్లో ఒక వాలు, మధ్యలో రెండు, చివర్లో ఒకటి తీసుకుని సగటు కడుతున్నాం. మధ్యలో రెండుసార్లు ఎందుకంటే అక్కడ y విలువ మనకు తెలియదు. k1 పట్టుకుని ఒక అంచనా వేస్తాం. ఆ అంచనా దగ్గర వచ్చిన వాలుతో మళ్లీ మొదటి నుంచి మధ్యకు నడిచి, ఇంకో అంచనా వేస్తాం. f లో y లేకుండా t ఒక్కటే ఉంటే ఈ సూత్రం అచ్చంగా సింప్సన్ సూత్రమే అవుతుంది.

"ఒక్క స్టెప్ చూస్తే 32 వస్తోంది, చివరిదాకా నడిపితే 16 వస్తోంది. ఏది తప్పు?"

ఏదీ తప్పు కాదు. మిగతా లక్షణాలన్నీ దీని మీదే ఆధారపడతాయి కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

y' = y, y(0) = 1 తీసుకోండి. అసలు జవాబు e^t. పై కోడ్‌లో y = 1 పెట్టి చేత్తోనే లెక్క కట్టొచ్చు. k1 = 1, k2 = 1 + h/2, k3 = 1 + h/2 + h²/4, k4 = 1 + h + h²/2 + h³/4. వీటిని 1, 2, 2, 1 బరువులతో కలిపి h/6 తో గుణిస్తే కొత్త y ఇలా తేలుతుంది:

```
1 + h + h²/2 + h³/6 + h⁴/24
```

ఇది e^h టేలర్ శ్రేణిలో మొదటి ఐదు పదాలు, పొల్లు పోకుండా. ఆ బరువులు, ఆ సగం స్టెప్‌లు ఎంచుకున్నదే ఇలా h⁴ దాకా టేలర్ శ్రేణితో సరిపోవడానికి. ఈ సమీకరణానికే కాదు, నున్నగా ఉండే ఏ f కైనా ఇలాగే సరిపోతాయి. కుట్టా 1901లో ఇచ్చిన పద్ధతి ఇదే. మనం వదిలేసిన మొదటి పదం h⁵/120. అంటే ఒక్క స్టెప్‌లో జరిగే తప్పు h⁵ తో పాటు మారుతుంది. h = 0.1 అయితే అది 8.47e-8, h = 0.05 అయితే 2.63e-9. నిష్పత్తి 32.

ఇప్పుడు t = 1 దాకా నడవండి. h = 0.1 అయితే పది స్టెప్‌లు. మొదటి స్టెప్‌లో జరిగిన 8.47e-8 తప్పు అక్కడే ఉండిపోదు. y తో పాటు అదీ పెరుగుతూ, మిగిలిన 0.9 దూరంలో e^0.9, అంటే 2.46 రెట్లై, చివరికి 2.08e-7 అవుతుంది. ఆఖరి స్టెప్‌లో జరిగే తప్పుకు పెరిగే వ్యవధి లేదు, కానీ అప్పటికే y 2.46 దగ్గర ఉంది కాబట్టి ఆ తప్పు పుట్టడమే 2.08e-7 గా పుడుతుంది. మధ్యలో ఏ స్టెప్ తీసుకున్నా లెక్క ఇంతే. పది స్టెప్‌లు, ఒక్కోటి 2.08e-7, మొత్తం 2.08e-6. కోడ్ నడిపి e లోంచి జవాబు తీసేయండి, సరిగ్గా ఇదే కనిపిస్తుంది.

h ని 0.05 చేస్తే ఒక్కో స్టెప్ వాటా సుమారు 32 రెట్లు తగ్గి 6.79e-9 అవుతుంది. కానీ స్టెప్‌లు ఇరవై అయ్యాయి. మొత్తం 1.36e-7. ఒక చేత్తో 32 రెట్లు తగ్గించి, ఇంకో చేత్తో రెండు రెట్లు పెంచాం. h⁵ లో ఒక h ని 1/h స్టెప్‌లు మింగేస్తే మిగిలేది h⁴. వేరే సమీకరణమైతే తప్పు పెరిగే రేటు మారుతుంది. కానీ f మరీ మొరటుగా లేనంతవరకు, ఎంత పెరుగుతుందనేది f మీదా మొత్తం కాలం మీదా ఆధారపడుతుంది తప్ప h మీద కాదు. కాబట్టి అది ముందున్న స్థిరాంకంలోకి పోతుంది, ఘాతాన్ని తాకదు.

అచ్చంగా 16 రాలేదని టెన్షన్ పడకండి. ఇదే ఉదాహరణలో 0.2 నుంచి 0.1 కి వస్తే 14.7, తర్వాత 15.3, ఆ తర్వాత 15.7 వస్తాయి. h⁶ లాంటి పై పదాల ప్రభావం పూర్తిగా పోలేదన్నమాట. h తగ్గేకొద్దీ అంకె 16 వైపు నడుస్తోందా లేదా అన్నదే చూడాలి.

నిష్పత్తి 2 వస్తోంది

కోడ్ పేరుకే ఆర్‌కే4, పని ఆయిలర్ పద్ధతిది. నాకు ఎక్కువగా ఎదురైన కారణం: k2, k3, k4 లెక్కించేటప్పుడు y ని జరిపి t ని జరపడం మర్చిపోవడం. y' = y తో పరీక్షిస్తే ఈ తప్పు ఎప్పటికీ దొరకదు, ఎందుకంటే అందులో t యే లేదు. అందుకే రెండో పరీక్షగా y' = 2t, y(0) = 0 పెట్టండి. సరైన కోడ్ t = 1 దగ్గర 1 ఇస్తుంది, అంకెల గుండ్రింపు తప్ప ఎర్రరే ఉండదు. t ని జరపని కోడ్ h = 0.1 కి 0.9, h = 0.05 కి 0.95 ఇస్తుంది. తప్పు సరిగ్గా h అంత.

k4 లో h బదులు h/2 పడినా 2 వస్తుంది. x, v లాంటి రెండు చలరాశులు ఉన్నప్పుడు ముందు x ని పూర్తిగా ముందుకు జరిపి, ఆ కొత్త x తో v లెక్క మొదలుపెట్టినా అంతే. రెండింటి k1 లు కలిపి, తర్వాత రెండింటి k2 లు కలిపి, అలా జంటగా నడవాలి. y ని ఒక వెక్టర్‌గా పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

నిష్పత్తి 4 వస్తోంది

k ల గొలుసు ఎక్కడో తెగింది. చాలాసార్లు k2 లైన్‌ను కాపీ చేసి k3 గా మార్చి, లోపలి k1 ని అలాగే వదిలేసి ఉంటారు. అప్పుడు y' = y కి పైన చేసిన లెక్కే చేస్తే 1 + h + h²/2 + h³/12 వస్తుంది. h³/6 రావాల్సిన చోట సగమే వచ్చింది. ఒక్క స్టెప్ తప్పు h³, మొత్తం తప్పు h². h = 0.1 కి చివరి ఎర్రర్ 0.002 దగ్గర ఉంటుంది. గ్రాఫ్ మీద అది కంటికి ఆనదు. నాలుగు k లైన్లను గట్టిగా చదువుతూ, ఏ k లోపల ఏ k ఉందో వేలు పెట్టి చూడటం కంటే త్వరగా అయ్యే మార్గం నాకు తెలీదు.

ఎర్రర్ అసలు తగ్గడమే లేదు, పైగా చాలా పెద్దది

ముందు లూప్ ఎక్కడ ఆగిందో ప్రింట్ చేసి చూడండి. `while t < 1` అని రాసి, ప్రతిసారీ `t += 0.1` చేస్తే పదిసార్లు కూడాక t విలువ 0.9999999999999999 అవుతుంది. అది 1 కన్నా తక్కువే కాబట్టి లూప్ పదకొండో స్టెప్ కూడా వేసేస్తుంది. జవాబు 2.718 బదులు 3.004 వస్తుంది. దీని మీద నేను ఒక సాయంత్రమంతా k లను అనుమానిస్తూ కూర్చున్నాను. స్టెప్‌ల సంఖ్య n ని పూర్ణాంకంగా ముందే తేల్చుకుని, `h = T/n`, `t = i*h` అని రాయండి.

మీ సొంత సమస్య మీద మాత్రమే నిష్పత్తి పాడవుతోంది

తెలిసిన సమీకరణాల మీద 16 వచ్చి, అసలు సమస్య మీద 2 కో 4 కో పడిపోతే తప్పు కోడ్‌ది కాదు, f ది. h⁴ వాదనంతా టేలర్ శ్రేణి మీద నిలబడింది. f, దాని ఉత్పన్నాలు ఎక్కడా తెగకుండా ఉంటేనే అది చెల్లుతుంది. f లో ఒక `if` ఉన్నా, స్విచ్ ఆన్ అయ్యే క్షణం ఉన్నా, ఆ ఒక్క స్టెప్ మొత్తాన్ని పాడు చేస్తుంది.

t < 1/3 అయితే y' = 0, తర్వాత y' = 1 అనుకోండి. t = 1 దగ్గర సరైన జవాబు 2/3. h = 0.1 తో 0.3 నుంచి 0.4 కి దూకే స్టెప్‌లో k1 మాత్రమే 0, మిగతా మూడూ 1. కాబట్టి y 0.0833 పెరుగుతుంది, పెరగాల్సింది 0.0667. ఎర్రర్ 0.0167. h = 0.05 అయితే 0.0083, అదీ వ్యతిరేక గుర్తుతో. మిగతా స్టెప్‌లన్నీ తప్పు లేకుండా ఉన్నా లాభం లేదు. ఇక్కడ నిష్పత్తి నికరంగా 2 వచ్చింది గానీ, f తెగిన చోటు స్టెప్‌లో ఎక్కడ పడుతుందన్నదాన్ని బట్టి మామూలుగా అది ఎటుపడితే అటు ఊగుతుంది. అలా ఊగడమే ఈ జబ్బుకు గుర్తు.

h ని ఎంత తగ్గించినా దీనికి మందు కాదు. ఒక స్టెప్ సరిగ్గా 1/3 దగ్గర ముగిసేలా చూసి, అక్కడి నుంచి కొత్తగా మొదలుపెట్టాలి. ఆ ముగిసే స్టెప్‌లో k4 కి పాత వైపు సూత్రమే వాడాలి. `if` ని f లోపలే వదిలేస్తే k4 అవతలి విలువ తెచ్చేస్తుంది.

h మరీ చిన్నదైతే 16 మాయమవుతోంది

ఇది అంకెల గుండ్రింపు. y' = y కి చివరి ఎర్రర్ సుమారు 0.0227·h⁴. h = 0.001 కి అది 2.3e-14. ఇంకా సగం చేస్తే 1.4e-15, అంటే డబుల్ ప్రెసిషన్ ఇవ్వగలిగిన హద్దుకు వచ్చేశాం. ఆపైన స్టెప్‌లు పెరిగేకొద్దీ గుండ్రింపు తప్పులే పోగవుతాయి. కోడ్ సింగిల్ ప్రెసిషన్‌లో ఉంటే h = 0.05 దగ్గరే ఈ హద్దు తగులుతుంది, కాబట్టి రకం ఒకసారి చూసుకోండి. పరీక్ష ఎప్పుడూ ఎర్రర్ 1e-4 నుంచి 1e-11 మధ్య ఉండే h లతో చేయండి.

h పెద్దదైతే జవాబు పేలిపోతోంది

y' = -50y కి h = 0.1 పెడితే ఒక్కో స్టెప్‌లో y తగ్గాల్సింది పోయి 13.7 రెట్లు పెరుగుతుంది. పైన వచ్చిన సూత్రంలో h బదులు -5 పెట్టి చూడండి. ఇలా వేగంగా తగ్గిపోయే సమీకరణాలకు 50·h విలువ సుమారు 2.78 దాటకూడదు, అంటే h 0.055 లోపు ఉండాలి. అంత చిన్న h తో నడపడం భరించలేనంత నెమ్మదైతే ఆర్‌కే4 వదిలి ఇంప్లిసిట్ పద్ధతికి మారాల్సిందే.