సేవింగ్స్, స్పాన్సర్, లోను మూడూ చూపిస్తున్నారా? వీసా ఫారం నింపే ముందు జాగ్రత్తలు

స్టూడెంట్ వీసాకి డబ్బు రుజువు ఒక్క అకౌంట్‌తో తేలిపోతే ఆ పేజీ నింపడానికి పావుగంట చాలు. కొంత మీ సేవింగ్స్, కొంత నాన్నగారి స్పాన్సర్‌షిప్, మిగతాది ఎడ్యుకేషన్ లోను అన్నప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది. చాలామంది మొత్తం సరిపోతుందా లేదా అని మాత్రమే చూసుకుంటారు. కానీ ఇలాంటి ఫైళ్లలో ఎక్కువగా దెబ్బతీసేది వేరే ఉంది: ఒకే డబ్బు రెండు కాగితాల్లో, రెండు పేర్ల మీద లెక్కలోకి వచ్చేస్తుంది. మీరు కావాలని చేయకపోయినా, కాగితాలు పక్కపక్కన పెట్టి చూసే ఆఫీసరుకి అది మోసంలా కనిపించవచ్చు.

అందుకే ఫారం తెరిచే ముందే ఒక తెల్లకాగితం మీద లెక్క వేసుకోండి. అది ఎలాగో ఒక ఉదాహరణతో చెప్తాను. అంకెలు ఊహించినవే, పద్ధతి మాత్రం ఎవరికైనా వర్తిస్తుంది.

ఒక విద్యార్థికి మొదటి ఏడాది ట్యూషన్ ఫీజు 18 లక్షలు, జీవన ఖర్చుకి చూపించాల్సింది 10 లక్షలు. ఫీజులో 4 లక్షలు ముందే కట్టేశాడు, యూనివర్సిటీ రసీదు ఉంది. అంటే ఇంకా చూపించాల్సింది ఫీజుకి 14, ఖర్చులకి 10, మొత్తం 24 లక్షలు. అతని అకౌంట్లో 7 లక్షలున్నాయి. నాన్నగారి సేవింగ్స్‌లో 5, ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 10. బ్యాంకు ఇచ్చిన లోను శాంక్షన్ లెటర్ మీద 20 లక్షలు. కూడితే 42. కావాల్సిన దానికంటే 18 లక్షలు ఎక్కువే ఉన్నాయి కదా అని అతను ధైర్యంగా ఫారం నింపబోతున్నాడు.

ఇప్పుడు ఒక్కో కాగితం విప్పి చూద్దాం.

ముందు ఫిక్స్‌డ్ డిపాజిట్. లోను ఇవ్వడానికి బ్యాంకు హామీ అడిగినప్పుడు నాన్నగారు ఇదే డిపాజిట్ పెట్టారు. దాని మీద బ్యాంకు లీన్ వేసింది, అంటే లోను తీరేదాకా ఆ డబ్బు ముట్టుకోవడానికి లేదు. శాంక్షన్ లెటర్ చివర్లో సెక్యూరిటీ అనే చోట ఆ డిపాజిట్ నంబరు రాసి ఉంటుంది. అదే నంబరు స్పాన్సర్ కాగితాల్లో ‘అందుబాటులో ఉన్న నిధి’గా కనిపిస్తే ఆఫీసరు రెండు నంబర్లూ కలిపి చూడటానికి ఎంతోసేపు పట్టదు. కాబట్టి ఈ 10 లక్షలు లెక్కలో సున్నా. ఈ ఒక్క సంగతి చూసుకోకే మంచి ఫైళ్లు కూడా పాడవుతాయి. మీ శాంక్షన్ లెటర్‌లో సెక్యూరిటీ పేరా ఇప్పుడే తీసి చదవండి.

తర్వాత సేవింగ్స్. విద్యార్థి అకౌంట్లో ఉన్న 7 లక్షల్లో 3 లక్షలు ఈ మధ్యే నాన్నగారి అకౌంట్ నుంచి వచ్చాయి. నాన్నగారి స్టేట్‌మెంట్ మాత్రం ఆ ట్రాన్స్‌ఫర్‌కి ముందు తీసింది, అందులో ఇంకా 5 ఉంది. ట్రాన్స్‌ఫర్ తర్వాత అక్కడ మిగిలింది 2 మాత్రమే. రెండు స్టేట్‌మెంట్లూ ఒకే తేదీ దాకా తీయిస్తే ఈ తప్పు దానంతట అదే బయటపడుతుంది. అసలు నియమం ఇదే: మూడు వనరుల కాగితాలూ ఒకే రోజు దగ్గర ఆగాలి.

ఇక లోను. 20 లక్షలు రెండేళ్ల కోర్సు మొత్తానికి మంజూరైంది. లెటర్‌లో మొదటి ఏడాది 12, రెండో ఏడాది 8 అని విడదీసి ఉంది. వీసాకి చూపించేది మొదటి ఏడాది ఖర్చయితే, లెక్కలోకి వచ్చేది 12 మాత్రమే. పైగా లెటర్ ఆ 12 లక్షలు దేనికి అన్నది కూడా చెప్తుంది: ఇక్కడ ట్యూషన్ ఫీజుకి మాత్రమే, అదీ బ్యాంకు నేరుగా యూనివర్సిటీకి పంపుతుంది. అంటే ఈ డబ్బుతో ఇంటద్దె, తిండి చూపించడానికి కుదరదు.

ఇప్పుడు కూడండి: 7, 2, 12 కలిపి 21. కావాల్సింది 24. కాగితం మీద 18 లక్షలు మిగులుగా కనిపించింది కాస్తా 3 లక్షల లోటుగా తేలింది. ఇది ఫారం పంపక ముందే తెలిసింది కాబట్టి సరిదిద్దుకునే వీలుంది.

దారులు రెండు. డిపాజిట్ బదులు వేరే ఆస్తి హామీగా పెట్టి లీన్ తీయించుకోవచ్చు, కానీ ఆస్తి కాగితాల పరిశీలన, విలువ కట్టడం అంటూ వారాలు పడుతుంది. రెండోది తేలిక: అదే 20 లక్షల పరిమితిలో మొదటి ఏడాది వాటా పెంచి, ఫీజుకి 14, జీవన ఖర్చుకి 2, మొత్తం 16 అని విడివిడిగా రాసి కొత్త లెటర్ ఇమ్మని బ్యాంకుని అడగడం. అప్పుడు ఫీజు 14 లక్షలూ లోనుతోనే తీరుతుంది. ఖర్చుల 10 లక్షలకి అతని 7, నాన్నగారి 2, లోనులో 2 కలిపి 11 అవుతుంది. పైన మిగిలిన ఒక్క లక్ష నా దృష్టిలో చాలా తక్కువ. కరెన్సీ రేటు కొంచెం కదిలితే అది ఆవిరైపోతుంది. వీలైతే ఇంకో లక్ష, రెండు లక్షలు అదనంగా ఉంచుకుని అప్లై చేయమంటాను. అయితే రెండో ఏడాదికి లోనులో ఇక 4 లక్షలే మిగులుతాయని మర్చిపోకండి. ఆ ఏడాది ఎలా గడుస్తుందో ఇంట్లో ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోవాలి, ఇంటర్వ్యూ ఉంటే ఆ ప్రశ్న కూడా రావచ్చు.

ముందే కట్టిన 4 లక్షల గురించి ఒక మాట. దాన్ని కావాల్సిన మొత్తంలోంచి ఒక్కసారే తీసేయాలి. చాలా బ్యాంకులు దాన్నే మార్జిన్ మనీగా, అంటే విద్యార్థి తన వంతుగా పెట్టాల్సిన వాటాగా చూపిస్తాయి. అందులో తప్పు లేదు. తప్పేమిటంటే, ఫారంలో ‘కట్టిన ఫీజు’ గడిలో 4 రాసి, మళ్ళీ ‘సొంత నిధులు’ గడిలో 7 బదులు 11 వేయడం.

ఇంతవరకూ ఏ దేశానికైనా ఒకటే. ఇక్కణ్ణుంచి దేశాన్ని బట్టి మారుతుంది, ముఖ్యంగా ఎవరి డబ్బు ఎలా చెల్లుతుందన్నది. బ్రిటన్‌లో మీ సొంత అకౌంట్, తల్లిదండ్రుల లేదా చట్టబద్ధ సంరక్షకుల అకౌంట్ చెల్లుతాయి. భార్య లేదా భర్త డబ్బు కూడా చెల్లుతుంది, కానీ వాళ్ళు మీతో పాటే అప్లై చేస్తుండాలి లేదా అనుమతితో ఇప్పటికే అక్కడ ఉండాలి. బాబాయి, మేనమామ, అన్నయ్య పేరు మీదున్న డబ్బు ఎంతున్నా నేరుగా చెల్లదు. వాళ్ళు నిజంగా ఇస్తున్నట్టయితే ఆ డబ్బు మీ అకౌంట్లోకి వచ్చి, వరసగా 28 రోజులు అక్కడ ఉండాలి. ఆ 28 రోజుల్లో ఒక్కరోజు బ్యాలెన్స్ అవసరమైన దానికంటే తగ్గినా లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. ఆ గడువు ముగిసిన రోజు నుంచి 31 రోజుల్లోపు అప్లై చేయాలి. తల్లిదండ్రుల డబ్బు చూపిస్తే బంధుత్వానికి బర్త్ సర్టిఫికెట్ లాంటి రుజువు, వాళ్ళ సమ్మతి లేఖ కావాలి. లోను విద్యార్థి పేరు మీదే ఉండాలి. లోను లెటర్‌కి 28 రోజుల నిబంధన లేదు గానీ, అది అప్లై చేసే నాటికి ఆరు నెలలు దాటినది కాకూడదు. వీసా రావడం తప్ప డబ్బు విడుదలకి ఇంకే షరతూ ఉండకూడదు. ‘అదనపు హామీ సమర్పించిన తర్వాతే విడుదల’ లాంటి వాక్యం లెటర్‌లో ఉంటే, ముందు ఆ షరతు పూర్తిచేసి, అది లేకుండా కొత్త లెటర్ తీసుకోవాలి.

అమెరికాలో చిక్కు ఇంకో రకం. యూనివర్సిటీ ఇచ్చే ఐ-20లో మీ నిధులు వనరుల వారీగా విడిగా ఉంటాయి: సొంతం ఎంత, ఇతరుల నుంచి ఎంత అని. వీసా దరఖాస్తుగా నింపే డీఎస్-160 ఫారం మాత్రం ఖర్చు ఎవరు భరిస్తున్నారని అడిగి ఒక్క జవాబే ఎంచుకోమంటుంది. అక్కడ ప్రధానంగా భరించేవాళ్ళని ఎంచుకుని, మిగతా రెండు వనరుల సంగతి ఐ-20లో ఎలా ఉందో అలాగే ఇంటర్వ్యూలో చెప్పండి. ఐ-20 తీసుకున్నప్పుడు సొంత సేవింగ్స్ అని చూపించి, ఇంటర్వ్యూ నాటికి అంతా లోను డబ్బే అన్నారంటే ప్రశ్నలు అక్కడే మొదలవుతాయి.

మూడు వనరులున్న ప్రతి ఫైలుకీ, వీలున్న చోటల్లా, ఒక పేజీ వివరణ లేఖ జతచేయమంటాను. పొడుగ్గా అక్కర్లేదు. మన ఉదాహరణలో అయితే ఇలా ఉంటే చాలు (పంపేటప్పుడు ఆ దేశం అడిగే భాషలో రాయాలి):

‘మొదటి ఏడాది ఖర్చు 28 లక్షలు. కట్టిన ఫీజు 4 లక్షలు, రసీదు జతచేశాను. మిగిలిన ఫీజు 14 లక్షలు నా పేరు మీది లోను నుంచి. జీవన ఖర్చుకి నా అకౌంట్లో 7, నాన్నగారి అకౌంట్లో 2, లోనులో 2 లక్షలు. నా అకౌంట్లోని 3 లక్షలు నాన్నగారి అకౌంట్ నుంచి వచ్చినవి, ఆ బదిలీ రెండు స్టేట్‌మెంట్లలోనూ కనిపిస్తుంది. నాన్నగారి 10 లక్షల డిపాజిట్ లోనుకి హామీగా ఉంది కాబట్టి దాన్ని నిధిగా లెక్కించలేదు.’

ఈ చివరి వాక్యం రాయడానికి చాలామంది జంకుతారు. నిజానికి ఫైలుకి బలం అదే. ఆఫీసరు పట్టుకోబోయేది మీరే ముందు చెప్పేశారు.

పెద్ద మొత్తం ఒక్కసారిగా జమైతే అది ఎక్కణ్ణుంచి వచ్చిందో కాగితం ఉండాలి: భూమి అమ్మితే రిజిస్టరైన పత్రం, డిపాజిట్ మూస్తే ఆ రసీదు, బంధువు ఇస్తే బహుమతి పత్రంతో పాటు ఆయన స్టేట్‌మెంట్. నెల రోజులకి డబ్బు చూపించి వడ్డీ తీసుకునే వాళ్ళ జోలికి మాత్రం ఏ పరిస్థితిలోనూ వెళ్ళొద్దు. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే కెనడా 5 ఏళ్ళు, బ్రిటన్ 10 ఏళ్ళ దాకా తలుపులు మూసేయగలవు. ఈ సెమిస్టర్ పోతే వచ్చే సెమిస్టర్ ఉంటుంది, ఆ ఏళ్ళు మాత్రం తిరిగి రావు.

ఫారం పంపే రోజు ఉదయం కరెన్సీ రేటు చూసి మొత్తాలు మళ్ళీ మార్చుకోండి. పేర్ల స్పెల్లింగ్ పాస్‌పోర్టు, స్టేట్‌మెంట్, శాంక్షన్ లెటర్ మూడింట్లో ఒకటేనా చూడండి. లోను లెటర్ మీదున్న ఫోన్ నంబరు, ఈమెయిలు పనిచేస్తున్నాయో లేదో బ్రాంచికి వెళ్ళి కనుక్కోండి, ఎందుకంటే వీసా ఆఫీసు బ్యాంకుని నేరుగా అడిగి సరిచూసుకోవచ్చు. ఆ కాల్ వస్తే ఎవరు మాట్లాడతారో, మీ కొత్త లెటర్ కాపీ వాళ్ళ ఫైల్లో ఉందో లేదో కూడా అప్పుడే అడిగి రండి.